ఇనప్పెట్టెలో ఉన్నదెంత, రాసుకున్నదెంత?

మా ఊరి బజారులో ఎదురెదురుగా రెండు కొట్లుండేవి. ఒకటి మిఠాయి కొట్టు, రెండోది బంగారం కుదవ పెట్టుకుని అప్పులిచ్చే కొట్టు. మిఠాయి కొట్టులో ఆస్తి అని చెప్పుకోదగ్గవి రెండు పెద్ద బాణళ్లు, ఒక పొయ్యి, నాలుగు అద్దాల బీరువాలు. అన్నీ కలిపి పాత సామాన్ల వాడికి అమ్మినా లక్ష రూపాయలు వచ్చేవి కావు. కానీ ఆ కొట్టును ఎవరైనా బేరమాడితే యజమాని పాతిక లక్షలకు ఒక్క పైసా తగ్గేవాడు కాదు. పండగ ముందు రోజు ఆయన కాజాల కోసం రోడ్డు మీదకు వరస కట్టేవాళ్లు. ఆ వరస ఖరీదే పాతిక లక్షలు.

కుదవ కొట్టు బేరం అలా నడవదు. కొనేవాడు ముందు ఇనప్పెట్టె తెరిపిస్తాడు. లోపల వరసగా చిన్న చిన్న గుడ్డ మూటలు, ఒక్కో మూటకు ఒక చీటీ. తులాలెన్ని, ఇచ్చిన అప్పెంత, ఏ తేదీన ఇచ్చింది అన్నీ ఆ చీటీ మీద ఉంటాయి. చీటీల మీది అప్పులన్నీ కూడి, అందులోంచి యజమాని తాను బయట తెచ్చుకున్న సొమ్ము తీసేస్తే మిగిలేది ఆ కొట్టు సొంత డబ్బు. బేరం అక్కణ్నుంచి మొదలవుతుంది. వసూళ్లలో గట్టివాడని పేరుంటే ఆ అంకె మీద కొంత ఎక్కువిస్తారు, మూటల్లో గిల్టు నగలున్నాయని అనుమానమొస్తే కొంత తగ్గిస్తారు. ఎక్కువైనా తక్కువైనా కొలత మాత్రం ఆ సొంత డబ్బే.

బ్యాంకు షేరును వెలకట్టడం ఈ కుదవ కొట్టును వెలకట్టడం లాంటిది. దానికి వాడే కొలతను మార్కెట్‌లో ప్రైస్ టు బుక్ అంటారు, పొట్టిగా పీ/బీ. కంపెనీ ఆస్తుల్లోంచి అప్పులన్నీ తీసేయగా మిగిలిన సొంత డబ్బును షేర్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో షేరు పుస్తక విలువ వస్తుంది. షేరు ధరను ఆ విలువతో భాగిస్తే పీ/బీ. పుస్తక విలువ 100 రూపాయలుండి, షేరు 150కి అమ్ముడవుతుంటే పీ/బీ ఒకటిన్నర అన్నమాట. లెక్క ఇంతే. అయితే ఇదే లెక్క సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర ఏమీ చెప్పదు, బ్యాంకు దగ్గర చాలా చెబుతుంది. ఆ తేడా తెలియక రెండు వైపులా నష్టపోయినవాళ్లున్నారు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

టీసీఎస్‌నే తీసుకోండి. 2024 మార్చి ఆఖరుకు ఆ కంపెనీ సొంత డబ్బు సుమారు 90 వేల కోట్లు, షేరుకు లెక్కేస్తే దాదాపు 250 రూపాయలు. అప్పుడు షేరు ధర 3,900 దగ్గరుంది. అంటే పీ/బీ పదిహేను పైమాటే. ఈ పదిహేను చూసి షేరు ఖరీదైందని అనలేం, చవకైందనీ అనలేం. ఎందుకంటే టీసీఎస్‌కు డబ్బు సంపాదించి పెట్టేది లక్షల మంది ఉద్యోగుల నైపుణ్యం, దశాబ్దాల తరబడి కూడబెట్టుకున్న ఖాతాదారుల నమ్మకం. వాళ్ల శిక్షణకు పెట్టిన ప్రతి రూపాయినీ ఆ ఏటి ఖర్చుగా రాసేశారే తప్ప ఆస్తిగా రాయలేదు. పైగా లాభాల్లో ఎక్కువ భాగం డివిడెండ్ల రూపంలోనో, బైబ్యాక్ రూపంలోనో వాటాదారులకే తిరిగి వెళ్లిపోతుంది. అలా వెళ్లిన కొద్దీ పుస్తక విలువ చిన్నదవుతుంది, పీ/బీ పెద్దదవుతుంది. కంపెనీ ఏమీ చెడకుండానే అంకె మారిపోతుంది.

ఫ్యాక్టరీల దగ్గర దీనికి తలకిందులుగా ఉంటుంది. యాభై ఏళ్ల కిందట కొన్న భూమి అప్పటి ధరకే పుస్తకంలో పడి ఉంటుంది, దాని ఇప్పటి ఖరీదు వంద రెట్లయినా సరే. పక్కనే, మూతపడటానికి సిద్ధంగా ఉన్న యంత్రం కోట్ల రూపాయల విలువతో రాసి ఉంటుంది. దాన్ని అమ్మబోతే ఇనుప తుక్కు ధర కూడా పలకకపోవచ్చు. పుస్తకంలోని అంకె ఒకప్పుడు ఎంత ఖర్చయిందో చెబుతుంది కానీ ఇప్పుడు ఎంత విలువుందో చెప్పదు.

బ్యాంకు సంగతి వేరు. బ్యాంకుకు ముడిసరుకూ డబ్బే, తయారుచేసే సరుకూ డబ్బే. దాని బ్యాలెన్స్ షీట్‌లో ఒక పక్క డిపాజిట్లు, తెచ్చుకున్న అప్పులు, సొంత మూలధనం ఉంటాయి. రెండో పక్క ఇచ్చిన రుణాలు, ప్రభుత్వ బాండ్లు, నగదు ఉంటాయి. భవనాలూ కంప్యూటర్లూ ఉన్నా అవి ఇందులో పిసరంత. లక్ష రూపాయల గృహరుణం పుస్తకంలో లక్ష రూపాయలుగానే ఉంటుంది, దాని అసలు విలువ కూడా దాదాపు అంతే. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం దాన్ని మొండి బకాయి అనాలి, రాకపోవచ్చనుకున్న మేర లాభంలోంచి కేటాయింపు చేయాలి. అంటే పుస్తకాన్ని ప్రతి మూడు నెలలకూ ఎంతో కొంత సరిదిద్దుతూనే ఉంటారు. ఈ సరిదిద్దడం నిజాయతీగా జరిగినంత కాలం బ్యాంకు పుస్తక విలువ ప్రాణమున్న అంకె.

దీనికి రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. బ్యాంకు ఎంత వ్యాపారం చేయగలదో తేల్చేది ఆ సొంత డబ్బే. మన దేశంలో రుణాలను వాటి ప్రమాదాన్ని బట్టి తూచి, ఆ మొత్తం మీద కనీసం పదకొండున్నర శాతం మూలధనం ఉంచుకోవాలి. డిపాజిట్లు ఎన్ని వచ్చిపడ్డా, అప్పు కోసం గుమ్మం ముందు ఎంతమంది నిలబడ్డా, మూలధనం లేకపోతే బ్యాంకు కొత్త రుణం ఇవ్వలేదు. మిఠాయి కొట్టు యజమాని ఇంకో బాణలి పెట్టి వ్యాపారం పెంచుకోగలడు. బ్యాంకుకు పుస్తక విలువ పెరగాలి, అప్పుడే వ్యాపారం పెరుగుతుంది.

మరి మామూలుగా అందరూ చూసే పీ/ఈ, అంటే ధరను లాభంతో పోల్చే కొలత, బ్యాంకులకు సరిపోదా? చూడొచ్చు కానీ దాన్నే నమ్ముకుంటే మోసపోతాం. బ్యాంకు లాభం ఆ ఏడాది ఎంత కేటాయించారన్న దాని మీద ఊగుతుంటుంది. కేటాయింపు తగ్గిస్తే లాభం ఉబ్బుతుంది, పాత పాపాలన్నీ ఒకే ఏడాది కడిగేసుకుంటే నష్టం వస్తుంది. నష్టమొచ్చిన ఏడాది పీ/ఈ అన్నదే ఉండదు. లాభంతో పోలిస్తే పుస్తక విలువ నిదానమైన అంకె. ఏళ్ల తరబడి చేసిన మంచీ చెడూ అందులో చేరి ఉంటాయి.

ఇక పీ/బీ ఎంత ఉండాలి అన్న ప్రశ్న. దీనికి జవాబు సొంత డబ్బు మీద బ్యాంకు ఏటా ఎంత సంపాదిస్తోందన్న దాంట్లో ఉంది. దాన్నే రిటర్న్ ఆన్ ఈక్విటీ అంటారు. రెండు బ్యాంకులున్నాయనుకుందాం, రెండింటి పుస్తక విలువా షేరుకు 100 రూపాయలే. మొదటిది ఆ వంద మీద ఏటా 18 రూపాయలు సంపాదిస్తుంది, రెండోది 8 రూపాయలు. బ్యాంకు షేరులో ఉన్న ప్రమాదానికి మీరు ఏటా కనీసం 13 శాతం రావాలని అనుకుంటే, 18 రూపాయలు తెచ్చిపెట్టే షేరుకు 138 రూపాయల దాకా పెట్టొచ్చు, ఎందుకంటే 138 మీద 13 శాతం దాదాపు 18. ఎనిమిది తెచ్చేదానికి 62 రూపాయలకు మించి పెట్టకూడదు. రెండు బ్యాంకులూ ఎదగకుండా ఇలాగే ఉండిపోతాయనుకుని వేసిన లెక్క ఇది. లాభాన్ని తిరిగి వ్యాపారంలో పెట్టి ఎదుగుతుంటే తేడా ఇంకా పెరుగుతుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు షేరు చాలా ఏళ్లు పుస్తక విలువకు మూడు నాలుగు రెట్లు పలకడానికీ, అదే కాలంలో చాలా ప్రభుత్వ బ్యాంకులు పుస్తక విలువ కన్నా కిందే ఉండిపోవడానికీ మూలం ఇక్కడుంది. అర ధరకు దొరుకుతోందని ఎగిరి గంతేసే ముందు, వంద మీద ఎంత సంపాదిస్తోందని అడగాలి. ఎనిమిది సంపాదించే బ్యాంకు 60కి దొరికితే అది చవక కాదు, సరైన ధరే.

ఇక్కడ బ్యాంకులకు మాత్రమే ఉన్న ఒక విచిత్రం చెప్పాలి. టీసీఎస్ షేరు ధర పడినా కంపెనీ లోపల ఏమీ కాదు, దానికి మార్కెట్ నుంచి డబ్బు అక్కర్లేదు. బ్యాంకుకు మాత్రం అప్పుడప్పుడూ కొత్త షేర్లు అమ్మి మూలధనం తెచ్చుకోక తప్పదు. వంద షేర్లున్న బ్యాంకు సొంత డబ్బు 10,000 రూపాయలనుకోండి, షేరుకు వంద. ఇంకో 50 షేర్లను 200 చొప్పున అమ్మితే మరో 10,000 వస్తుంది. మొత్తం 20,000ని 150 షేర్లకు పంచితే షేరుకు 133. పాత వాటాదారు కదలకుండా కూర్చున్నా అతని పుస్తక విలువ 33 రూపాయలు పెరిగింది. అదే 50 షేర్లను 50 చొప్పున అమ్మాల్సి వస్తే మొత్తం 12,500, షేరుకు 83. కదలకుండా కూర్చున్నవాడికి 17 రూపాయలు పోయాయి. మార్కెట్ నమ్మకం పుస్తకాన్ని పెంచుతుంది, అపనమ్మకం పుస్తకాన్ని తినేస్తుంది. బలమైన బ్యాంకు ఇంకా బలపడటం, బలహీనమైనది ఇంకా కుంగడం చాలావరకు ఈ దారిలోనే జరుగుతుంది.

ఇంత నమ్మదగిన కొలతలో బొక్క ఎక్కడుంది? సొంత డబ్బు పొర చాలా పలచన. వంద రూపాయల ఆస్తులున్న బ్యాంకులో సొంత డబ్బు తొమ్మిది పది రూపాయలే, మిగతాదంతా ఇతరుల సొమ్ము. ఆ వందలో 70 రుణాలనుకుందాం. రుణాల్లో పదో వంతు, అంటే ఏడు రూపాయలు మొండికేసి, అందులో సగమే వసూలైతే మూడున్నర పోయినట్టు. ఆ మూడున్నరా తొమ్మిది రూపాయల సొంత డబ్బులోంచే పోవాలి, డిపాజిటర్ల సొమ్ములోంచి పోవడానికి లేదు. పదో వంతు రుణాలు చెడితే పుస్తక విలువలో మూడో వంతు కన్నా ఎక్కువ ఎగిరిపోయింది. అందుకే బ్యాంకు విషయంలో పీ/బీ ఎంత అని చూడటం సగం పని. ఆ బీ నిజమేనా అని చూడటం మిగతా సగం.

ఈ సగం వదిలేస్తే ఏమవుతుందో యస్ బ్యాంకు చూపించింది. 2018 ఆగస్టులో ఆ షేరు 400 రూపాయల దాకా వెళ్లింది. 2019 మార్చి ఆఖరుకు పుస్తకంలో సొంత డబ్బు సుమారు 26,900 కోట్లు, షేరుకు 116 రూపాయలు. ఆ ఆగస్టులో బ్యాంకు షేరు 83 రూపాయల 55 పైసల చొప్పున కొత్త షేర్లు అమ్మి 1,930 కోట్లు తెచ్చుకుంది. పుస్తక విలువ కన్నా తక్కువకు అమ్మింది కాబట్టి, పైన చూసిన లెక్క ప్రకారమే, పాతవాళ్ల విలువ తరిగింది. సెప్టెంబర్ ఆఖరుకు షేరు 41 రూపాయల దగ్గరకు పడింది. అదే తేదీకి పుస్తక విలువ 108 రూపాయల చుట్టుపక్కల ఉంది. పీ/బీ సున్నా పాయింటు నాలుగు. వంద రూపాయల నోటు నలభైకి దొరుకుతున్నట్టు కనిపించింది.

జాగ్రత్తపరులు వాడే ఇంకో లెక్కుంది, సవరించిన పుస్తక విలువ. మొండి బకాయిల్లో కేటాయింపులు పోను మిగిలినదాన్ని నికర మొండి బకాయి అంటారు. అదంతా పోయినట్టే అనుకుని సొంత డబ్బులోంచి తీసేస్తారు. యస్ బ్యాంకు నికర మొండి బకాయిలు ఆ సెప్టెంబరుకు సుమారు 9,750 కోట్లు. అవి తీసేసినా షేరుకు 70 రూపాయల దాకా మిగులుతుంది. నలభై ఒకటి ధర ముందు డెబ్బై అంటే అప్పటికీ చవకగానే ఉంది. ఈ లెక్క వేసుకుని ధైర్యం తెచ్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను, వాళ్లు మామూలు కన్నా ఒక మెట్టు ఎక్కువే వెతికారు. అయితే మొండి బకాయి ఏదో తేల్చింది బ్యాంకే కదా! కుదవ కొట్టు యజమానే తన మూటల్లో ఏది గిల్టో చెప్పినట్టు.

ఆ చెప్పడం మీద అనుమానపడటానికి కాగితం మీదే ఆధారాలున్నాయి. 2016 మార్చి ఆఖరుకు యస్ బ్యాంకు చూపిన మొండి బకాయిలు 749 కోట్లు, రిజర్వ్ బ్యాంకు తనిఖీ చేసి తేల్చినవి 4,926 కోట్లు. మరుసటి ఏడాదికి బ్యాంకు లెక్క 2,018 కోట్లు, తనిఖీ లెక్క 8,373 కోట్లు. తనిఖీలో తేడా ఒక హద్దు దాటితే దాన్ని బ్యాంకులు వార్షిక నివేదికలో బయటపెట్టాలని 2017 నుంచి నిబంధన ఉంది. డైవర్జెన్స్ అన్న శీర్షిక కింద ఒక చిన్న పట్టికగా ఉంటుంది. నా మటుకు నేను ఏ బ్యాంకు నివేదిక తెరిచినా ఛైర్మన్ ఉత్తరం కన్నా ముందు ఈ పట్టిక వెతుకుతాను. ఒకసారి తేడా వస్తే అభిప్రాయ భేదం అనుకోవచ్చు. రెండేళ్లు వరసగా నాలుగు రెట్లకు పైగా తేడా వచ్చిన పుస్తకంలోని సొంత డబ్బును ఆ ముఖవిలువకే నమ్మడం కష్టం.

రెండో ఆధారం ఇంకా తిన్నగా ఉంది. ఇంకా మొండి కాకపోయినా రేటింగు బాగా పడిపోయిన, డబ్బుల్.బీ అంతకన్నా కింది రుణాలు ఎన్నున్నాయో సెప్టెంబర్ త్రైమాసిక ఫలితాలతో పాటు బ్యాంకే చెప్పింది. అవి 30 వేల కోట్ల పైమాటే. సొంత డబ్బు 27 వేల కోట్ల పైచిలుకు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అనుమానపు రుణాలే బ్యాంకు సొంత డబ్బును మించిపోయాయి. నవంబర్ 1న ఈ లెక్కలు బయటికొచ్చాక కూడా షేరు అరవైల్లో నడిచింది, బయటి నుంచి కొత్త మూలధనం వస్తుందన్న ఆశ ఇంకా ఉంది.

ఆ మూలధనం రాలేదు. 2020 మార్చి 5న రిజర్వ్ బ్యాంకు కోరిక మేరకు కేంద్ర ప్రభుత్వం మారటోరియం విధించి, ఒక్కో డిపాజిటర్ 50 వేలకు మించి తీయకూడదంది. మరునాడు షేరు ఒక దశలో ఆరు రూపాయల కిందికి జారింది. మార్చి 14న ఆలస్యంగా వచ్చిన డిసెంబర్ త్రైమాసిక ఫలితాల్లో మొండి బకాయిలు 17 వేల కోట్ల నుంచి 40 వేల కోట్లు దాటాయి, నష్టం 18,500 కోట్ల పైన. ఒక్క త్రైమాసికంలో సొంత డబ్బులో మూడింట రెండొంతులు ఎగిరిపోయి, షేరుకు 108గా ఉన్న పుస్తక విలువ లెక్కకు 36 రూపాయలైంది. స్టేట్ బ్యాంకూ, మరో ఏడు బ్యాంకులూ కలిసి షేరు 10 రూపాయల చొప్పున 10 వేల కోట్లు పెట్టాయి. అంటే వెయ్యి కోట్ల కొత్త షేర్లు. అంతకుముందున్నవి 255 కోట్లు. అప్పటిదాకా బ్యాంకు మొత్తానికి యజమానులైన వాటాదారులు రాత్రికి రాత్రి ఐదో వంతుకు యజమానులయ్యారు. ఆ మార్చి ఆఖరుకు షేరు పుస్తక విలువ సుమారు 17 రూపాయలు. ఏడాది కిందట అది 116. నలభై ఒకటికి కొన్నది చవక కాదు, చివరికి మిగిలిన విలువకు రెండింతలకు పైగా పెట్టి కొన్నట్టు.

ఇది బ్యాంకులకే పరిమితం కాదు. అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలన్నిటికీ పుస్తక విలువే కొలబద్ద, అన్నిటి పుస్తకమూ ఒక్కలా గట్టిగా ఉండదు. బంగారం మీద ఇచ్చిన అప్పుకు ఇనప్పెట్టెలో మూట ఉంటుంది, వాయిదా తప్పితే వేలం వేసుకుంటారు. ఏ హామీ లేకుండా ఇచ్చిన సూక్ష్మరుణానికి వెనక ఉన్నది వారం వారం జరిగే సమావేశం, తోటి సభ్యుల మాట మాత్రమే. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు మన ఊళ్లలో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఊళ్లలో ఆ వసూళ్ల ఒత్తిడికి నలిగిన కుటుంబాల బాధ వేరే కథ, అది ఇంతకన్నా పెద్దది. షేరు కొన్నవాడి వైపు నుంచి చూస్తే, అంతకు రెండు నెలల ముందే, ఆగస్టులో, హైదరాబాద్‌కు చెందిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 985 రూపాయలకు షేర్లు అమ్మింది. 2012 వచ్చేసరికి ఆ షేరు వంద రూపాయల కిందికి పడింది. పుస్తకంలో రాసుకున్న రుణాలు అప్పటికీ రుణాలే, వసూలు చేసే దారే మూసుకుపోయింది.

కాబట్టి బ్యాంకు షేరు పీ/బీ చూసినప్పుడు నేను పక్కన నాలుగు అంకెలు రాసుకుంటాను. సొంత డబ్బు మీద ఐదారేళ్ల సగటు రాబడి, ఒక్క ఏడాదిది కాదు. సొంత డబ్బులో నికర మొండి బకాయిలు ఎన్నో వంతు. ఇంకా మొండి కాని, కానీ రేటింగు పడిన రుణాలెన్ని. రిజర్వ్ బ్యాంకు తనిఖీలో తేడా ఎంత. చివరి రెండూ చాలాసార్లు ముఖ్య పట్టికల్లో దొరకవు, అనుబంధాల్లోనో, ఫలితాల తర్వాత విశ్లేషకులకు ఇచ్చే కాగితాల్లోనో వెతకాలి. ఏ బ్యాంకు దగ్గరైనా అవి దొరకనే లేదంటే, ఆ షేరు పుస్తక విలువలో సగానికే దొరుకుతున్నా నేను ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను.